మనసు బాగోని ఫ్రెండ్‌కి "ఈ సినిమా చూడరా" అని చెప్పే ముందు ఆ సినిమాని ఎలగ తూచాలి: పూర్తి గైడ్

డిప్రెషన్‌తోనో, మనసు కొన్నాళ్లు హద్దు దాటిన ఉత్సాహంలోకీ కొన్నాళ్లు బాగా కిందకీ పోయే బైపోలార్‌తోనో ఇబ్బంది పడుతున్న ఫ్రెండ్ ఉంటే మనం చాలామందిమి చేసే మొదటి పని ఒక సినిమా లింక్ పంపడం. "ఒరే ఇది చూడరా, అచ్చం నీ కథే" అని ఒక మెసేజ్ పెట్టేస్తాం. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు మరీ ఎక్కువ, ఎందుకంటే "మనసు బాగోలేదా" అని నేరుగా అడగడం మనకి అలవాటు లేదు, సినిమా పేరు చెప్పడం మాత్రం తేలిక. ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఆ సినిమా మనల్ని ఎంత ఏడిపించింది, హీరో ఎంత బాగా చేసాడు, రివ్యూలు ఎలగున్నాయి అన్నవి ఇక్కడ పనికిరావు. చూడాల్సింది ఒకటే: సినిమా అయిపోయాక ఆ రాత్రి వాడు తన టాబ్లెట్ గురించి, తన డాక్టర్ గురించి, ఇంట్లోవాళ్లకి చెప్పడం గురించి, తను బతకడం గురించి ఏటనుకుంటాడు?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికేలా సినిమాని ఎలగ చూడాలో వరసగా రాస్తున్నాను.

ముందు మనిషిని చూడండి, తర్వాత సినిమా

అదే సినిమా ఒకడికి సాయం చేస్తాది, ఇంకొకడిని ముంచుతాది. అందుకే మీ ఫ్రెండ్ ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో తెలియకుండా సినిమా గురించి ఆలోచించి లాభం లేదు.

వాడికి చనిపోవాలన్న ఆలోచనలు ఇప్పుడు వస్తున్నాయి అంటే ఏ సినిమా వద్దు. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మామూలుగా, నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలగ జరగదు, అడిగినందుకు ఎక్కువమందికి బరువు దిగుతాది. అవును అన్నాడంటే వాణ్ని ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యొచ్చు, అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆసుపత్రికి అంటే శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వాసుపత్రి, విజయనగరం వైపు నెల్లిమర్ల మిమ్స్, ఇంకా ఎక్కువ అవసరమైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే, ఎక్కువ రోజులకి సరిపడా మాత్రలుంటే అవి ఇంట్లో ఒకరి చేతికి వెళ్లి తాళంలో ఉండాలి. సినిమా సంగతి తర్వాత.

రెండోది, మందులు ఈమధ్యే మొదలయ్యాయా? డిప్రెషన్ మందులు పనిచెయ్యడం మొదలవ్వడానికే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడతాది, ఒక్కోసారి ఆరు. ఆ మొదటి వారాల్లో మనిషికి ఇంకా నమ్మకం కుదరదు, ఒళ్లు తేడాగా ఉంటాది, పాతికేళ్ల లోపు వాళ్లనైతే ఆ టైమ్‌లో ఇంకాస్త దగ్గరగా గమనించమని డాక్టర్లే చెప్తారు. అలాంటప్పుడు మందులు దండగ అని చూపించే సినిమా ఒక్కటి చాలు ఆ స్ట్రిప్ డ్రాయర్లోకి వెళ్లిపోడానికి.

మూడోది వాడి జీవితంలో ఏది నొప్పి అన్నది. ఇంట్లో ఎవరైనా ఆత్మహత్యతో చనిపోయారా, లవ్ ఫెయిల్యూరా, పరీక్షలా, అప్పులా. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

సినిమా చూడకముందే పది నిమిషాల్లో తెలిసేవి

సెన్సార్ సర్టిఫికెట్ మీద పెద్దగా ఆధారపడొద్దు. యూ, యూఏ, ఏ అన్నవి వయసు కోసం, 2024 నుంచి యూఏలో కూడా 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడగొట్టారు కానీ మీ ఫ్రెండ్‌కి ఇరవైయ్యారేళ్లు ఉంటే ఆ ముక్క ఏమీ చెప్పదు. ఓటీటీలో అయితే సినిమా మొదలయ్యేటప్పుడు పైన మూలకి రేటింగ్‌తో పాటు రెండు మూడు పదాలు వస్తాయి, హింస, బూతులు, ఆత్మహత్య, స్వీయహాని ఇలగ. మనం స్కిప్ చేసేస్తాం కదా, ఈసారి చదవండి.

తర్వాత వికీపీడియాలో కథ మొత్తం చదవండి, క్లైమాక్స్ దాకా. స్పాయిలర్ అయిపోతాది అని భయపడకండి, ఇక్కడ మీరు ప్రేక్షకుడు కాదు. IMDb లో సినిమా పేజీలో Parents Guide అని ఉంటాది, doesthedogdie.com అని ఇంకో సైట్ ఉంది, అందులో ఆత్మహత్య ఉందా, స్వీయహాని ఉందా అని ఒక్కో ప్రశ్నకి చూసినవాళ్లు అవును కాదు అని ఓట్లేస్తారు. ఇంగ్లీషు, హిందీ సినిమాలకి ఇవి బాగా పనికొస్తాయి. తెలుగు సినిమాలకి చాలావరకు ఖాళీగానే ఉంటాయి కాబట్టి మన సినిమాలకి దగ్గర దారి లేదు, కూర్చుని చూడాల్సిందే.

ఒక్కరే కూర్చుని మొత్తం చూడండి, ఫోన్లో రాసుకుంటూ

ఇదివరకు చూసిందే అయినా మళ్లీ చూడండి. మూడేళ్ల కిందట థియేటర్లో చూసింది గుర్తుంటాది అనుకుంటాం, గుర్తుండేది పాటలూ ఇంటర్వెల్ బ్యాంగూ. జబ్బు ఉన్న పాత్ర తెర మీదకి వచ్చిన ప్రతిసారీ టైమ్ వేసి ఒక లైన్ రాయండి, "1:12, మాత్రలు పారేసాడు, పాట, హీరోయిన్ నవ్వింది" ఇలగ. చివరి ఇరవై నిమిషాలు మాత్రం ఆపకుండా చూసి తర్వాత రాయండి. మనిషి మనసులో మిగిలిపోయేది ఎక్కువగా ఆ ఆఖరి భాగమే, మొదటి గంటంతా ఎంత సున్నితంగా తీసినా సరే.

రాసుకున్నాక ఆ నోట్సుని రెండు ప్రశ్నల మీద పెట్టి చూడాలి. చావుని ఎలగ చూపించారు, వైద్యాన్ని ఎలగ చూపించారు. మిగతావి ఉన్నాయి గానీ నా లెక్కలో ఈ రెండే ముఖ్యం, ఈ రెండింట్లో ఒక్కటి పాడైనా మిగతావి ఎంత బాగున్నా చాలవు.

మొదటి ప్రశ్న: చావుని ఎలగ చూపించారు

జర్మనీలో 1981లో ఒక టీవీ సీరియల్ వచ్చింది, ఒక స్టూడెంట్ ఆత్మహత్య కథ. కుర్రాళ్లు అలా చెయ్యకూడదు, పెద్దవాళ్లు గమనించాలి అన్న మంచి ఉద్దేశంతో తీసిందే. 1982లో మళ్లీ వేసారు. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, సీరియల్లో చూపించిన పద్ధతిలోనే చనిపోయినవాళ్లు ఆ రెండుసార్లూ పెరిగారు, అందులోనూ ఎక్కువ పెరిగింది ఆ పాత్ర వయసుకి దగ్గరగా ఉన్న మగపిల్లల్లో. దీని నుంచి మనకి రెండు విషయాలు తెలుస్తాయి. తీసినవాళ్ల ఉద్దేశం మంచిదైనంత మాత్రాన సరిపోదు. చూసేవాడు ఆ పాత్రకి ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదం. ఫ్రెండ్ నొప్పి ఏటో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. మనం "అచ్చం నీ కథే" అని గొప్పగా చెప్తామే, ఆ సినిమా ఆఖర్లో చావు ఉంటే ఆ "అచ్చం" అన్నదే ముప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకం తీసేవాళ్ల కోసమే ఒక చిన్న పుస్తకం వేసింది, ఆత్మహత్యని ఎలగ చూపించాలి, ఎలగ చూపించకూడదు అని. అందులో ముఖ్యమైనది పద్ధతిని చూపించొద్దు అన్నది. కాబట్టి మీ నోట్సులో మొదట చూడాల్సింది, కెమెరా తలుపు బయట ఆగిపోయిందా, లోపలికి వెళ్లిందా. లోపలికి వెళ్లి ఎలగ చేసాడు, దేంతో చేసాడు, ఎంతసేపు పట్టింది అని చూపిస్తే ఆ సినిమా అక్కడితో పక్కన పెట్టేయండి. ఇంక ఆలోచించక్కర్లేదు.

తలుపు బయట ఆగినా ఇంకొకటి చూడాలి, అది మన సినిమాల్లో మరీ ఎక్కువ. చనిపోయాక ఏటవుతుంది? ఉత్తరం చదువుతారు, వెనకాల పాట, తిట్టిన నాన్న కుప్పకూలిపోతాడు, వదిలేసిన అమ్మాయి పరిగెత్తుకొస్తాది, ఊరంతా కన్నీళ్లు. బతికుండగా దొరకని ప్రేమంతా చనిపోయాక దొరికినట్టు. మనకి అది విషాదంలా కనిపిస్తాది, కానీ "నేను పోతేనే వీళ్లకి నా విలువ తెలుస్తాది" అని ఇప్పటికే అనుకుంటున్నవాడికి అది ఒక మాటిచ్చినట్టు ఉంటాది. అలాంటి సీన్ ఉంటే నోట్సులో పెద్దక్షరాలతో రాసుకోండి.

అలగే కారణం ఒక్కటే చూపించారా అన్నది. ఒక్క ఫెయిలు, ఒక్క బ్రేకప్, ఒక్క చెంపదెబ్బ, వెంటనే చావు. నిజంలో అలగ ఒక్క కారణంతో జరగదు, జబ్బు, నిద్ర లేకపోవడం, తాగుడు, అప్పు, ఎవరికీ చెప్పుకోలేకపోవడం అన్నీ కలిసి ముదురుతాయి, మధ్యలో ఎక్కడైనా ఎవరైనా పట్టుకుంటే ఆగే అవకాశం ఉంటాది. ఆ మధ్యలో ఆగే చోట్లు సినిమాలో కనిపిస్తే మంచి గుర్తు.

దీనికి ఎదురు పక్క కూడా ఉంది. 2010లో ఆస్ట్రియాలో చేసిన ఒక అధ్యయనంలో, చనిపోవాలనుకుని ఆ కష్టాన్ని దాటుకుని బతికినవాళ్ల గురించి పత్రికల్లో వచ్చిన వార్తల తర్వాత ఆత్మహత్యలు తగ్గడం కనిపించింది. కాబట్టి ఆ విషయం ఎత్తిన సినిమాలన్నీ వద్దు అని కాదు. ఎవరు పట్టుకున్నారు, ఎవరికి చెప్పుకున్నాడు, మర్నాడు పొద్దున్న ఏం చేసాడు అన్నవి చూపించే సినిమా అయితే అది వాడికి పనికొచ్చే సినిమా.

రెండో ప్రశ్న: వైద్యాన్ని ఎలగ చూపించారు

ఇది మన జిల్లాలకి ఇంకా గట్టిగా వర్తిస్తాది. పల్లెల్లో ఇప్పటికీ ఒకమ్మాయి మాటాడ్డం మానేసినా, రాత్రంతా నిద్రపోకుండా తిరిగినా ముందు గాలి సోకిందంటారు, చిల్లంగి పెట్టారంటారు, తాడు కట్టిస్తారు, అన్నీ అయిపోయాక ఆఖర్న ఆసుపత్రి. ఈ లోపల నెలలు గడిచిపోతాయి, జబ్బు ముదిరిపోతాది.

ఇప్పుడు మనమంతా చూసిన చంద్రముఖి తీసుకోండి, 2005. హీరో అమెరికా నుంచి వచ్చిన సైకియాట్రిస్టు. ఆమెకి ఉన్నది దెయ్యం కాదు, మనసుకి వచ్చిన జబ్బు అంటాడు, అంతవరకు మంచిదే. కానీ నయం చేసేది ఎలగ? మంత్రగాడితో కలిసి ఒక్క రాత్రి ఒక పెద్ద నాటకం ఆడి. తెల్లారేసరికి ఆమె మామూలు మనిషి. వినోదంగా చూడ్డానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ రెండేళ్లుగా మందులు వేసుకుంటూ అప్పుడప్పుడు మళ్లీ కింద పడుతున్న మనిషికి, వాళ్ల అమ్మకి, "ఒక్క రాత్రిలో తేలిపోయే పనికి ఇన్ని మాత్రలెందుకు" అన్న మాట అందులోంచి వెళ్తాది.

అందుకే వైద్యం దగ్గర నేను చూసేవి ఇవి. మాత్రలు ఎవరి చేతిలో ఉన్నాయి? విలన్ చేతిలోనా, పాలల్లో కలిపి ఇస్తున్నారా, హీరోయిన్ వచ్చి "నీకు ఇవి అక్కర్లేదు, నేనున్నాను" అని కిటికీలోంచి విసిరేస్తే దానికి మ్యూజిక్ పడిందా? ఈ ఆఖరిది చాలా అందంగా తీస్తారు, అందుకే చాలా ప్రమాదం. బైపోలార్‌కి లిథియం వాడుతున్నవాడు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ, మాత్రలు మానడం అన్నది డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా చెయ్యాల్సిన పని. ప్రేమ వల్ల చాలా మేలు జరుగుతాది నిజమే, కానీ మాత్రకి బదులు కాదు.

తర్వాత కరెంటు షాకు. మన సినిమాల్లో అది శిక్ష. మనిషిని కట్టేసి, నోట్లో గుడ్డ పెట్టి, వాడు మెలికలు తిరుగుతుంటే చూపిస్తారు. ఇప్పుడు జరిగేది అది కాదు, మత్తు ఇచ్చి కండరాలు వదులయ్యే మందు ఇచ్చి చేస్తారు, మత్తు లేకుండా చెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది, మనుషుల్ని గొలుసులతో కట్టడాన్ని కూడా. తిండి మానేసి మంచం పట్టిన తీవ్ర డిప్రెషన్‌లో ఆ వైద్యం ప్రాణం నిలబెట్టొచ్చు. మీ ఫ్రెండ్‌కి డాక్టర్ దాని గురించి చెప్పి ఉంటే, షాకుని హింసగా చూపించే సినిమా ఇప్పుడు అస్సలు వద్దు.

ఇంక డాక్టర్ పాత్ర. కమెడియన్‌గా పెట్టారా, పేషెంట్‌తో ప్రేమలో పడ్డాడా, పేషెంట్ చెప్పినవి బయట అందరికీ చెప్పేసాడా. ఇవి చూసినవాడు ఓపీ గది ముందు కూర్చుని లోపలికి వెళ్లాక నిజం చెప్పడు.

జబ్బున్న మనిషి కథలో ఎవరు

దీన్ని త్వరగా చెప్పేస్తాను. అపరిచితుడు లాంటి సినిమాల్లో జబ్బు అంటే హత్యలు చేసే రెండో మనిషి. స్కిజోఫ్రెనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరుండటం అని చాలామంది అనుకుంటారు, అది కాదు, మానసిక జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్లరు, దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. ఆ పాత్రకి ఉద్యోగం, స్నేహితులు, ఇష్టమైన టిఫిను, కోపం, జోకు ఇలాంటివి ఏమైనా ఉన్నాయా, లేక జబ్బు ఒక్కటే ఉందా అని చూడండి. జబ్బు తీసేస్తే ఆ పాత్రలో ఏమీ మిగలకపోతే ఆ సినిమాని ఆ జబ్బున్న మనిషికి పంపొద్దు.

ఒక కేసు మొత్తం చేసి చూద్దాం

అనుకుందాం, నరసన్నపేటలో ఉన్న ఒక ఫ్రెండ్‌కి బైపోలార్ అని తేలింది, ఈమధ్యే పెళ్లయింది, మందులు వాడుతున్నాడు, భార్యకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. వాడికి "3" అన్న సినిమా చెప్పాలా వద్దా? 2012లో వచ్చింది, ధనుష్, శ్రుతి హాసన్, కొలవెరి పాట ఉన్నది. బైపోలార్ అన్న మాట మన కుర్రాళ్లలో చాలామంది మొదట విన్నది ఈ సినిమాలోనే, అందుకే "ఒరే ఇందులో నీ జబ్బే" అని ఎవరో ఒకరు చెప్పేస్తారు.

చావు దగ్గర చూద్దాం. సినిమా మొదలవ్వడమే హీరో రామ్ చనిపోయి, భార్య జనని కుప్పకూలిపోయి ఉండటంతో. అంటే మొదటి నిమిషాల నుంచే ఈ జబ్బుకి ముగింపు ఏటో చెప్పేసారు. మధ్యలో స్కూలు ప్రేమ చాలా అందంగా ఉంటాది, దాంతో రామ్‌కి మనం బాగా దగ్గరైపోతాం. ఆఖర్న అతని ఆత్మహత్యే క్లైమాక్స్, అదీ తెర మీదే. మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే వచ్చేసింది.

వైద్యం దగ్గర. ఇందులో డాక్టర్ ఉన్నాడు, ఫ్రెండ్ సెంథిల్ రోగాన్ని తెలుసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు, అది నిజంగా మంచి విషయం, ఫ్రెండ్ అన్నవాడు చెయ్యాల్సింది అదే. కానీ రామ్ భార్యకి చెప్పొద్దంటాడు, ఫ్రెండ్ ఆ రహస్యాన్ని మోస్తాడు, ఆ దాచడం సినిమాలో ప్రేమగా కనిపిస్తాది. మన నరసన్నపేట ఫ్రెండ్ ఇప్పుడు చేస్తున్నది అదే. ఈ సినిమా వాడికి "చెప్పకపోవడమే ప్రేమ" అని చెప్తాది. వైద్యం తీసుకుని బాగుపడిన రోజు ఒక్కటి కూడా మనకి గట్టిగా గుర్తుండేలా ఉండదు.

జబ్బు ఎలగుంది అంటే, ఉన్నట్టుండి మనిషి మారిపోవడం, భ్రమలు కనిపించడం, హింస. బైపోలార్‌లో ఉద్రేకం తీవ్రంగా ఉన్నప్పుడు భ్రమలు రావొచ్చు, అది అబద్ధం కాదు. కానీ నిమిషానికోలా మారడం బైపోలార్ కాదు, ఉత్సాహం హద్దు దాటిన దశ కనీసం వారం ఉంటాది, కింద పడిన దశ రెండు వారాలూ ఆపైనా, మధ్యలో నెలల తరబడి మామూలుగా ఉద్యోగం చేసుకుంటారు. ఆ మామూలు నెలలు సినిమాలో లేవు, కాబట్టి చూసేవాడికి తన ముందున్న జీవితం కనబడదు.

సినిమాగా 3 బాగుందా అంటే నటన గొప్పగా ఉంటాది, అది వేరే సంగతి. ఈ ఫ్రెండ్‌కి, కొత్తగా పెళ్లయి, అదే జబ్బుతో, అదే రహస్యంతో ఉన్నవాడికి, నా మాట: వద్దు. కలిసి చూసినా వద్దు.

మరి ఏది? అదే వరసలో డియర్ జిందగీని పెట్టి చూడండి, 2016, హిందీ. కైరా అన్న అమ్మాయికి నిద్ర పట్టదు, గోవాలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తాది, మాటల ద్వారా చిన్నప్పుడు అమ్మానాన్నా తాతయ్య వాళ్లింట్లో వదిలేసిన బాధ బయటికొస్తాది. చావు లేదు. డాక్టర్ మీద ఆమెకి ఇష్టం కలిగితే ఆయన ఆ గీత దాటడు, సున్నితంగా కాదంటాడు, సెషన్లు అయిపోయాక అయిపోతాయి. అది సరైన వైద్యుడు చేసే పనే. లోపాలు ఏటంటే, బీచ్‌లో నడుస్తూ సెషన్లు, మాత్రల ఊసే లేదు, డబ్బున్నవాళ్ల ప్రపంచం. గవర్నమెంట్ ఓపీలో లైన్లో నిలబడి పది నిమిషాలు దొరికే మనిషి "నా డాక్టర్ ఇలగ మాటాడ్డం లేదేటి" అని నిరాశ పడే అవకాశం ఉంది. బైపోలార్‌కి మందులు తప్పనిసరి కాబట్టి ఆ మాట మనమే చెప్పాలి. అయినా ఇది "కలిసి చూడొచ్చు" అన్న జాబితాలోకి వస్తాది.

చెప్పే తీరు

నిర్ణయం మూడు రకాలుగా ఉంటాది: పంపొచ్చు, కలిసే చూడాలి, వద్దు. అనుమానం ఉంటే రెండోది కాదు, మూడోది.

పంపేటప్పుడు "తప్పకుండా చూడు, నీ కోసమే" అని ఒత్తిడి పెట్టకండి. లోపల ఏముందో ముందే చెప్పండి. నేనైతే ఇలగ పెడతాను: "ఒరే, ఒక సినిమా చూసాను. ఒకమ్మాయి నిద్ర పట్టక డాక్టర్ దగ్గరికి వెళ్తాది. చావులు గట్రా ఏటీ లేవు. చిన్నప్పుడు అమ్మానాన్నా వదిలేసిన సీనొకటి ఉంది, అది ఏడిపిస్తాది. అందులో మాత్రల సంగతి లేదు, అది పట్టించుకోకు, నీది వేరు. చూడాలనుంటే ఆదివారం మా ఇంటికి రా, మధ్యలో ఆపీమంటే ఆపీద్దాం." వాడు "వద్దులే" అంటే మళ్లీ అడక్కండి.

టైమ్ కూడా ముఖ్యం. రాత్రి పదకొండుకి ఒంటరి గదిలో ఫోన్లో వద్దు, మధ్యాహ్నం మేలు, అయిపోయాక బయటికి వెళ్లి టీ తాగేంత టైమ్ ఉండాలి. నిద్ర చెడితే బైపోలార్ ఉన్నవాళ్లకి అదే కొత్త విడతకి దారి తీస్తాది కాబట్టి సెకండ్ షోలు అసలే వద్దు.

చూసాక "ఎలగుంది" అని అడిగితే "బాగుంది" అనేస్తాడు. "ఏ సీను దగ్గర ఇబ్బందనిపించింది?" అని అడగండి, అప్పుడు మాటలొస్తాయి. తర్వాత మూడు నాలుగు రోజులు కొంచెం కనిపెట్టుకుని ఉండండి. చనిపోయిన పాత్ర డైలాగులు స్టేటస్ పెడుతున్నాడా, ఆ ఒక్క సీనే మళ్లీ మళ్లీ చూస్తున్నాడా, మాత్రలు తప్పాయా, నిద్ర తగ్గిందా, తన వస్తువులు ఇచ్చేస్తున్నాడా, వీడ్కోలు చెప్తున్నట్టు మాటాడుతున్నాడా. ఇందులో ఏది కనిపించినా సినిమా చర్చ ఆపేసి, పైన మొదట్లో రాసిన ప్రశ్న నేరుగా అడగండి.

వాడు మనకి చెప్పకుండానే 3 లాంటిది చూసేసి ఉంటే "అదెందుకు చూసావురా" అని తిట్టొద్దు. సినిమా ఎక్కడ వేరే దారి తీసుకోవచ్చో అడగండి. "రామ్ జననికి మొదటి రోజే చెప్పి ఉంటే ఆమె ఏం చేసేది?" ఈ ప్రశ్న నుంచి మీ ఫ్రెండ్ తన ఇంట్లో ఎవరికి ఎలగ చెప్పాలో అన్న దాకా మాట వెళ్లొచ్చు, అవసరమైతే వాడి భార్యతో కలిసి డాక్టర్ దగ్గరికి మీరూ వెళ్లండి.

ఇంకొకటి. జబ్బులో ఉన్న మనిషికి జబ్బు సినిమానే చూపించాలని ఎక్కడా లేదు. చాలామందికి ఆ రెండు గంటలు దాన్ని మర్చిపోవాలని ఉంటాది. వాడు పాత కామెడీ ఏదైనా పెట్టమంటే అదే పెట్టండి, కాకపోతే అందులో పిచ్చాసుపత్రి కామెడీ ట్రాక్ ఉందేమో ఒకసారి ముందుగా చూసుకుని పెట్టండి.